ఎపిసోడ్: 18 నుంచి 15 అయితే ఏమైంది అంటారా? టీచర్ ఇంటికి రాసిన మెయిల్

హోస్ట్: హాయ్ అందరికీ, ఈసారి మన దగ్గరికి వచ్చింది నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మేడం. ఇప్పటికీ జగిత్యాల వైపు ఒక స్కూల్లో తొమ్మిది, పది క్లాసులకి మ్యాథ్స్ చెప్తున్నారు. మేడం, మన లిజనర్ ఒకరు వాళ్ళ పాప స్కూల్ నుంచి వచ్చిన మెయిల్ పంపించారు, ముందు అది చదువుతా. "డియర్ పేరెంట్, మీ అమ్మాయి ఈ మధ్య చదువు మీద శ్రద్ధ పెట్టడం లేదు, మార్కులు తగ్గుతున్నాయి, దయచేసి ఇంటి దగ్గర చూసుకోగలరు." అంతే, అయిపోయింది.

మేడం: దీంట్ల ఏ సబ్జెక్టు అని లేదు, ఎంత ఉండేది ఎంతైంది అని లేదు, ఎప్పటినుంచి అనేది కూడా లేదు. పైగా శ్రద్ధ లేదు అని ఆ టీచర్‌కి ఎట్ల తెలిసింది? శ్రద్ధ కంటికి కనపడేది కాదు కదరా, కనపడేది పేపర్. ఇది చూసి ఆ తల్లి ఏం చేస్తది చెప్పు, పిల్లని పిలిచి తిడతది, ఫోన్ గుంజుకుంటది, ఇంకేం చేసే దారి ఆ మెయిల్లో లేదు.

హోస్ట్: మరి మీరు రాసింది చెప్పండి. పోయినసారి ఫోన్లో అన్నారు, ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి గురించి.

మేడం: పేరు వద్దు. వాళ్ళ నాన్న దుబాయ్‌లో పని చేస్తడు, అమ్మ ఇక్కడ ఉంటది. మంచిగ చదివే పిల్లగాడే. ఇప్పుడు మన దగ్గర పెద్ద పరీక్షల మధ్యలో ఎఫ్ఏ అని ఉంటది, దానికి 20 మార్కులు, అందులో నాలుగు ముక్కలు, క్లాసులో పాల్గొనడానికి 5, నోట్స్ రాతపనికి 5, ప్రాజెక్టుకి 5, స్లిప్ టెస్ట్‌కి 5.

హోస్ట్: మా టైంలో ఇవన్నీ లేవు మేడం, యూనిట్ టెస్ట్ పెట్టి చేతిలో పేపర్ పెట్టేసేవాళ్ళు.

మేడం: ఇప్పుడు ఉన్నయి. ఎఫ్ఏ1లో వాడికి 18, ఎఫ్ఏ2లో 15. కార్డు మీద చూస్తే మూడే మార్కులు తగ్గినట్టు, ఏ పేరెంటూ పట్టించుకోరు. కానీ ముక్కలు విడగొట్టి చూడు. మొదటిసారి 5, 5, 4, స్లిప్ టెస్ట్ 4. రెండోసారి 5, 4, 5, స్లిప్ టెస్ట్ 1. అంటే ప్రాజెక్టు, నోట్సు కలిసి టోటల్‌ని నిలబెట్టినయి, వాడు ఒక్కడే కూర్చుని రాసిన దాంట్ల మాత్రం నాలుగు నుంచి ఒకటికి పడ్డడు. ఎస్ఏ అంటే పెద్ద పరీక్ష, అందులో 80 మార్కులకి ఎగ్జామ్ హాల్లో ఒక్కడే కూర్చుంటడు కదా, అక్కడ ప్రాజెక్టు వచ్చి కాపాడదు. అందుకే మెయిల్లో టోటల్ రాయలేదు, స్లిప్ టెస్ట్ మార్కు విడిగ రాసిన.

హోస్ట్: అంటే మార్కులు చూడగానే మెయిల్ కొట్టేశారా?

మేడం: లేదు లేదు, ముందు చూసుకోవాల్సినవి ఉంటయి. పేపర్ తీసి చూస్తే ప్రశ్నలు బోర్డు మీద ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకున్నడు, అంటే చూపు ప్రాబ్లం కాదు, కొందరు పిల్లలకి అదే అసలు కారణం ఉంటది, అంకెలే తప్పు దింపుకుంటరు. తర్వాత తెలుగు టీచర్‌ని, సోషల్ సార్‌ని అడిగిన, వాళ్ళ దగ్గర ఎప్పటిలాగనే ఉన్నడట. ఫిజిక్స్ సార్ మాత్రం లెక్కలు వచ్చిన చోట ఆగుతుండు అన్నడు. అప్పుడు అర్థమైతది కదా, పిల్లగాడు చదవడం మానేయలేదు, ఎక్కడో ఒక మెట్టు జారింది. అటెండెన్స్ చూస్తే ఆగస్టులో 6 రోజులు జ్వరంతో రాలేదు, సరిగ్గ నేను కారణాంకాలు చెప్పిన వారం అది.

హోస్ట్: ఫ్యాక్టరైజేషనా! అదంటే నాకు ఇప్పటికీ భయమే.

మేడం: నీకు భయం, వాడికి భయం లేదు, అదే తేడా. ఒకరోజు లంచ్ తర్వాత పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని రెండు లెక్కలు ఇచ్చిన. x² + 5x + 6 టకటకా చేసిండు. x² − 5x + 6 ఇచ్చిన. మధ్య పదాన్ని −2x, −3x అని కరెక్ట్‌గ విడగొట్టిండు, x(x − 2) దాకా కరెక్ట్. తర్వాత −3 బయటికి తీసి లోపల (x + 2) అని రాసిండు. లోపల (x − 2) రావాలె. ఇంక రెండు బ్రాకెట్లు కలవవు, పెన్ను పట్టుకుని అట్లనే కూర్చున్నడు.

హోస్ట్: మైనస్ బయటికి తీస్తే లోపల గుర్తు మారాలి, అది మర్చిపోయాడు.

మేడం: మర్చిపోవడం కాదు, ప్రతిసారీ అదే చేస్తుండు. స్లిప్ టెస్ట్ మొత్తంలో పోయిన మార్కులన్నీ మైనస్ ఉన్న దగ్గరే. అంటే మెథడ్ వచ్చు, గుర్తు దగ్గర పడిపోతుండు. ఈ సంగతి తెలిసినాకనే మెయిల్ రాయడానికి కూర్చున్న.

హోస్ట్: చదవండి మేడం, పేర్లు తీసేసి.

మేడం: సబ్జెక్ట్ లైన్‌లో "9వ తరగతి గణితం: మీ అబ్బాయి స్లిప్ టెస్ట్ గురించి" అని. అర్జెంట్, ఇంపార్టెంట్ ఇట్లాంటివి పెట్టలేదు, దేశం కాని దేశంలో డ్యూటీలో ఉన్న మనిషికి స్కూల్ నుంచి అర్జెంట్ అని వస్తే గుండె ఆగుతది. ఇంక లోపల...

"నమస్కారం. మీ అబ్బాయికి గణితం నేను చెప్తాను. ఎఫ్ఏ1 స్లిప్ టెస్ట్‌లో 5కి 4 వచ్చాయి, ఎఫ్ఏ2లో 1 వచ్చింది. తెలుగు, సోషల్‌లో ఎలాంటి మార్పు లేదు. క్లాసులో అడిగిన దానికి జవాబు చెప్తున్నాడు, నోట్స్ పూర్తిగా ఉన్నాయి.

నేను పక్కన కూర్చోబెట్టి చూశాను. కారణాంకాలు చేసే పద్ధతి వచ్చు. మైనస్ గుర్తు ఉన్న లెక్కల్లో మాత్రం బ్రాకెట్ లోపల గుర్తు మార్చడం లేదు, అక్కడే ఆగిపోతున్నాడు. ఈ పాఠం జరిగిన వారంలో జ్వరం వల్ల 6 రోజులు రాలేదు, కారణం అదే కావచ్చు. ఇంకేమైనా ఉంటే మీకే తెలుస్తుంది, చెప్పగలిగితే చెప్పండి.

స్కూల్లో మంగళవారం, గురువారం స్టడీ అవర్‌లో 20 నిమిషాలు నేను విడిగా చేయిస్తాను. ఇంట్లో రోజూ నేను రాసిచ్చే 4 లెక్కలు, గైడ్ పక్కన పెట్టి, ఒక్కడే చేయాలి. అవి తప్పయినా దిద్దకండి, కింద తేదీ వేసి సంతకం చేస్తే చాలు. 3 వారాల తర్వాత మళ్ళీ ఒక చిన్న టెస్ట్ పెట్టి, ఎలా చేశాడో మీకు రాస్తాను.

ఈ ఉత్తరం సంగతి మీ అబ్బాయికి ముందే చెప్పాను."

హోస్ట్: గైడ్ పక్కన పెట్టి అన్నారు, అంటే వాడు కాపీ కొడుతున్నాడని మీకు డౌటా?

మేడం: చూడు, హోంవర్క్‌లో మైనస్ లెక్కలు కూడా అన్నీ కరెక్టే, క్లాసులో చేస్తే తప్పు. గైడ్ చూసి ఎక్కించిండా, దోస్తుని అడిగిండా, నేను చూడలే. చూడంది రాస్తే ఆ తండ్రికి నా మెయిల్లో మిగతాదంతా కనపడదు, కాపీ అన్న ఒక్క మాటే కనపడతది. గైడ్ లేకుండ చేయమంటే పని అయిపోయింది కదా, నింద ఎందుకు.

హోస్ట్: దిద్దకండి అన్నది నాకు కొత్తగా ఉంది. పేరెంట్స్ అందరూ కూర్చుని కరెక్ట్ చేయాలనే కదా అనుకుంటారు.

మేడం: వాళ్ళమ్మ ఏడో తరగతి దాకనే చదివిందట. ఆమెని ఇంట్లో లెక్కలు చూడమంటే నాకు రాదు అని చిన్నబుచ్చుకుంటది, లేకపోతే ట్యూషన్‌కి డబ్బులు కడతది. తేదీ వేసి సంతకం పెట్టడం ఎవరైనా చేస్తరు. పైగా తప్పులు తప్పులుగనే నా దగ్గరికి రావాలె, ఇంట్లో దిద్దేస్తే వాడికి వచ్చిందో రాలేదో నాకెట్ల తెలుస్తది? ఆమెకి కూడా అర్థం కావాలనే మెయిల్ తెలుగులో రాసిన, ఇద్దరికీ పంపిన. ఆమె మెయిల్ చూడదు అని తెలిసి అదే ప్రింట్ తీసి పిల్లగాడి చేతికే ఇచ్చిన.

హోస్ట్: వాడి చేతికేనా! మధ్యలో చింపేస్తే? మా బ్యాచ్‌లో అయితే ఇంటికి చేరేదే కాదు.

మేడం: మీ బ్యాచ్ సంగతి నన్ను అడగకు. వాడికి ముందే చదివి వినిపించిన, అందుకని చింపే పని లేదు. తెలియకుండ రాస్తే ఏమైతది, శుక్రవారం నాన్న వీడియో కాల్ చేస్తడు, ఉట్టిగనే అరుస్తడు, పిల్లగాడికి నేను వెనక నుంచి కంప్లైంట్ చేసినట్టు ఉంటది, ఇంక మంగళవారం నా దగ్గర కూర్చుంటడా?

హోస్ట్: నాన్న ఏం రిప్లై ఇచ్చారు?

మేడం: రెండు లైన్లే, ట్యూషన్ పెట్టించాలా మేడం, ఎంతైనా పర్లేదు అని. మూడు వారాలు ఆగండి, ఇది ఒక్క గుర్తు దగ్గరి సంగతి, ట్యూషన్‌లో మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెడతరు అని రాసిన. అన్ని సబ్జెక్టులు ఒక్కసారే పడిపోతే మాత్రం నేను మెయిల్ రాయను, పిలిపించి మాట్లాడతా. ఇంట్లో గొడవలు, ఆరోగ్యం లాంటివి ఉంటయి, అవి రాతలో పెట్టే సంగతులు కావు, ఎవరు ఎవరికి ఫార్వర్డ్ చేస్తరో తెలియదు.

హోస్ట్: మూడు వారాలయ్యాక?

మేడం: మైనస్ ఉన్నవి 5 లెక్కలు ఇచ్చిన, 4 చేసిండు. ఒకటి తప్పింది, అది కూడా గుర్తు కాదు, 12కి జత తప్పు ఎంచుకున్నడు. కానీ రోజువారీ నోట్‌బుక్కులో రెండో వారంలో మూడు రోజులు సంతకం లేదు, ఆమె ఊరికి పోయిందట. ఇదంతా ఉన్నది ఉన్నట్టు రెండో మెయిల్లో రాసిన, మొదటిదాని కన్నా చిన్నది. మొదటి మెయిల్‌లో రాస్తా అన్న కదా, మార్కు పెరిగినా పెరగకపోయినా ఆ రోజు రాయాలె. చాలామంది టీచర్లు పడినప్పుడు రాస్తరు, లేచినప్పుడు రాయరు, అందుకే స్కూల్ నుంచి మెయిల్ అనంగనే తల్లిదండ్రులు భయపడతరు.

హోస్ట్: స్టడీ అవర్ ఆపేశారా ఇంక?

మేడం: మంగళవారం ఆపేసిన. గురువారం ఉంచిన, ఇప్పుడు రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు వస్తున్నయి, మైనస్ అటు ఇటు మార్చేటప్పుడు మళ్ళీ అక్కడే జారుతడేమో చూడాలె. ఇప్పటికైతే నాన్న దగ్గర నుంచి ట్యూషన్ మాట రాలే.