చచ్చిన జెల్లీఫిష్ కూడా ఎందుకు కుడుతుంది?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: సముద్ర జీవశాస్త్రం బోధించే అధ్యాపకురాలు, అత్యవసర విభాగంలో పనిచేసే డాక్టరు, భీమిలి వైపు నుంచి వచ్చిన మత్స్యకారుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మాట్లాడేది జెల్లీఫిష్ గురించి. మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు. ఒంట్లో దాదాపు 95 శాతం నీళ్లే. అయినా కుడుతుంది. ముందు అన్నతో మొదలుపెడదాం. అన్నా, మీకు తగిలిన దెబ్బ చెప్పండి.

మత్స్యకారుడు: సముద్రంలో తగిలితే చెప్పుకోడానికేముంది, అది అందరికీ మామూలే. నాది వేరే కథండి. వలలో పడినవాటిని దులిపి పారేసి, వల ఒడ్డున ఆరేశాను. రెండ్రోజులు ఎండలో ఉంది. మూడోనాడు చిరిగిన చోట బాగుచేద్దామని మంచినీళ్లు చల్లి తడిపాను. చేతులు పెట్టానో లేదో భగ్గున మంట. మోచేతి దాకా ఎర్రటి చారలు లేచాయి. జెల్లీ అన్నది ఎక్కడా కనపడదు, వల తాళ్లకి ఏదో పలచటి పొర అంటుకుని ఉందంతే.

వ్యాఖ్యాత: అంటే చచ్చి, ఎండిపోయి కూడా కుట్టింది. మేడమ్, పగబట్టిందా?

అధ్యాపకురాలు: (నవ్వు) పగబట్టాలంటే ఒక మనసుండాలి కదండీ. ఆ వల సంగతి చివరికి తేలుస్తాను. ముందు ఆ ఒంట్లో పెత్తనం ఎవరిదో చూడాలి. తేలిగ్గా అర్థమయ్యేది మూన్ జెల్లీ. తెల్లగా, పళ్లెంలా ఉంటుంది, మధ్యలో నాలుగు గుర్రపు నాడాల్లాంటి గుర్తులు కనిపిస్తాయి. దాని గొడుగును కోసి చూస్తే పైన పలచటి చర్మం, కింద పలచటి పేగు పొర, మధ్యలో జిగురు. ఆ జిగురులో ప్రాణమున్న కణాలు చాలా తక్కువ. కాబట్టి ఆక్సిజన్ కావాల్సిన కణాలన్నీ నీటికి ఆనుకునే ఉన్నాయి.

డాక్టరు: గుండె ఎందుకు అక్కర్లేదో ఇక్కడే తెలుస్తుంది. నీటిలో ఆక్సిజన్ తనంతట తాను ఒక మిల్లీమీటరు వ్యాపించడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది. ఒక సెంటీమీటరు పోవాలంటే పదింతలు కాదు, వంద రెట్లు, అంటే దాదాపు 7 గంటలు. మన కాలేయం లోపలి కణం అంతసేపు ఆగలేదు. అందుకే మనకు రక్తం, దాన్ని తోసే పంపు. జెల్లీఫిష్‌కు ఆ సెంటీమీటరు ప్రయాణమే లేదు.

వ్యాఖ్యాత: మరి తిన్నది ఒళ్లంతా ఎలా చేరుతుంది?

అధ్యాపకురాలు: పొట్ట నుంచి గొడుగు అంచు దాకా సన్నటి కాలువలు ఉంటాయి. వాటి గోడలకున్న నూగు ఊగుతూ రసాన్ని నెడుతుంది. గొడుగు ముడుచుకున్నప్పుడల్లా ఆ రసం కూడా కదులుతుంది. ఇక్కడో తమాషా చెప్పాలి. గొడుగును ముడిచే కండరాలున్నాయి, తెరిచే కండరాలు లేవు. ముడుచుకున్నాక మధ్యలోని జిగురే స్పాంజిలా తిరిగి విచ్చుకుంటుంది. సగం పని ఖర్చు లేకుండా జరిగిపోతుందన్నమాట.

వ్యాఖ్యాత: ఎప్పుడు ముడవాలో చెప్పేదెవరు?

అధ్యాపకురాలు: అంచు వెంబడి, సాధారణంగా ఎనిమిది చోట్ల, చిన్న బుడిపెలుంటాయి. ఒక్కో దాంట్లో వెలుతురును పసిగట్టే భాగం, అటు ఒరిగానా ఇటు ఒరిగానా అని తెలిపే చిన్న గింజల్లాంటి స్ఫటికాలు, ఇంకా ముడుచుకోవడానికి తాళం కొట్టే నాడీకణాలు ఉంటాయి. మిగిలిన ఒంట్లో నాడీకణాలు మీ వల కళ్లలాగే పరుచుకుని ఉంటాయి. ఎనిమిదింటిలో ఏది ముందు కొడితే ఆ దెబ్బ వలంతా పాకుతుంది, గొడుగు ముడుచుకుంటుంది. తర్వాతి దెబ్బ ఇంకో బుడిపెది కావచ్చు.

మత్స్యకారుడు: మా పడవలో అలా చేస్తే మునిగిపోతామండి. ఒకడే చెప్పాలి.

అధ్యాపకురాలు: ఎనిమిది మందీ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. 1870ల్లో జార్జ్ రోమానెస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కత్తెరతో ఇదే పరీక్షించాడు. ఆ బుడిపెలన్నీ కోసేస్తే గొడుగు దాదాపుగా ఆగిపోయింది. ఒక్కటి మిగిల్చినా కొట్టుకుంటూనే ఉంది. తర్వాత గొడుగును జిలేబీ చుట్టలా, పొడుగాటి పట్టీ వచ్చేలా కోశాడు. అయినా ముడుచుకునే అల ఆ పట్టీ వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకింది. ఒక తీగ తెగితే సమాచారం ఇంకో దారి వెతుక్కుంటుందని అప్పుడే తేలింది. మెదడు లేదంటే నాడులు లేవని కాదు, వాటన్నిటినీ కూడగట్టిన ఒక్క చోటు లేదని.

వ్యాఖ్యాత: అయితే ‘కుట్టు’ అన్న ఆజ్ఞ కూడా ఆ బుడిపెల నుంచే వస్తుందా?

అధ్యాపకురాలు: రాదు. మీరడిగిన దాంట్లోనే అందరూ పొరపాటు పడతారు. కుట్టేదీ లేనిదీ చాలావరకు కుట్టే కణం దగ్గరే తేలిపోతుంది. చుట్టూ ఉన్న నాడులు కాస్త బిగించడమో వదలడమో చేస్తాయి, అంతే. దంశ కణం అంటారు దాన్ని, లోపల ఒక సంచి ఉంటుంది. చాలావరకు వెంట్రుక మందం కన్నా చిన్నదే. దానికో మూత. లోపల పొడవాటి గొట్టం చుట్టచుట్టుకుని ఉంటుంది, అదీ తిరగబడి. చొక్కా చేతిని లోపలికి లాగి మడిచినట్టు అనుకోండి. గొట్టానికి ముళ్లు, చుట్టూ విషం.

డాక్టరు: ఒత్తిడి సంగతి చెప్పండి మేడమ్, నాకు నచ్చేది అదే.

అధ్యాపకురాలు: చెప్తా. ఆ సంచిలో ఒక రకం ఆమ్లపు గొలుసులు కిక్కిరిసి ఉంటాయి. వాటి చుట్టూ లవణ అయాన్లు చేరి, బయటి నీటిని లోపలికి గుంజుతాయి. నీళ్లు దూరే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. హైడ్రాలో దాన్ని లెక్కగడితే సుమారు 150 వాతావరణ పీడనాలు వచ్చింది. మీ కారు టైరులో రెండు, రెండున్నర ఉంటుంది. సంచి గోడ కొలాజెన్ జాతి ప్రోటీన్లతో అల్లినది కాబట్టే పగలకుండా తట్టుకుంటుంది. హైడ్రా జెల్లీఫిష్ కాదు గానీ దాని చుట్టం. ప్రయోగశాలలో పెంచడం తేలిక కాబట్టి ఎక్కువ కొలతలు దాని మీదే జరిగాయి.

వ్యాఖ్యాత: మూత తెరిస్తే?

అధ్యాపకురాలు: బిగబట్టిన ఒత్తిడంతా ఒక్కసారిగా బయటికి తన్నుతుంది. గొట్టం తిరగబడుతూ, ముందు ముళ్లు, వెనక విషంతో దూసుకొస్తుంది. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు సెకనుకు పది లక్షలకు పైగా బొమ్మలు తీసే కెమెరాతో హైడ్రాలో ఇది చూశారు. మొదటి పోటుకు 700 నానోసెకన్లు పట్టింది. సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం కూడా కాదు. త్వరణం భూమి గురుత్వం కంటే యాభై లక్షల రెట్లు పైనే. మొనదేలిన ముల్లు కాబట్టి, తాకిన చోట పడే ఒత్తిడి తుపాకీ గుండుకు తీసిపోదని వాళ్లే పోల్చారు. గొట్టం పూర్తిగా బయటికొచ్చేసరికి కొన్ని మిల్లీసెకన్లు గడుస్తాయి. ఒకసారి పేలాక ఆ కణం పని అయిపోయింది, మళ్లీ కొత్త కణం పుట్టాల్సిందే.

వ్యాఖ్యాత: అంత ఖరీదైన సరుకైతే, ప్రతి ఆకుకీ చెత్తకీ వృథా చేయకూడదు కదా?

అధ్యాపకురాలు: చేయదు. తాకిడి ఒక్కటే చాలదు, ఎర వాసన కూడా ఉండాలి. జెల్లీఫిష్‌కు ఇంకో చుట్టమైన సముద్రపు అనిమోన్ మీద 2020లో వచ్చిన పరిశోధన ఇదెలా జరుగుతుందో చూపించింది. కణంలోకి కాల్షియం రానిచ్చే ఒక ద్వారం ఉంటుంది. మామూలుగా ఉన్నప్పుడు అది మొద్దుబారి ఉంటుంది, తాకినా తెరుచుకోదు. ఎర రసాయనం తగిలితే చుట్టుపక్కల కణాలు ఒక సంకేతం వదులుతాయి, దాంతో ఆ మొద్దుతనం పోతుంది. ఆ తర్వాత తాకితేనే పేలుతుంది.

మత్స్యకారుడు: అయితే నా వలకి ఎర వాసనా లేదు, అది బతికీ లేదు. మరి నన్నెందుకు కొట్టింది?

అధ్యాపకురాలు: మీ పొలాల దగ్గర అడవిపందికి ఉచ్చు పెడతారు చూడండి. పెట్టినవాడు ఊళ్లో లేకపోయినా ఉచ్చు పనిచేస్తుంది. కణం చచ్చిపోయింది, కానీ సంచి చచ్చేది కాదు, ఎందుకంటే అది ఎప్పుడూ బతికిలేదు. కణం తయారుచేసి పెట్టిన వస్తువు అది. ఎండలో ఆరినా లోపలి సరుకు చాలావరకు అలాగే ఉంది. కణం బతికుండగా పనిచేసిన తనిఖీ మాత్రం పోయింది. అప్పుడు మీరు మంచినీళ్లు చల్లారు. బయట ఉప్పు తగ్గేసరికి నీళ్లు లోపలికి దూరాయి. చేత్తో నలిపారు. మిగిలినవి అక్కడికక్కడ పేలాయి.

మత్స్యకారుడు: అంటే ఉప్పునీళ్లు చల్లితే కుట్టేది కాదా?

డాక్టరు: తక్కువ కుట్టేది. కుట్టాక కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇసకతో రుద్దుకుని, మంచినీళ్లతో కడుక్కుని వస్తారు. చర్మానికి అంటుకున్న పేలని సంచులన్నీ వాళ్లే పేల్చుకుంటారు. మూత్రం పోస్తే తగ్గుతుందన్నది ఒట్టి మాట. సముద్రపు నీళ్లతోనే కడగాలి, ఒంటికి అంటుకున్న జెల్లీఫిష్ తీగలను పుల్లతోనో పట్టకారుతోనో ఎత్తి తీయాలి, నొక్కకూడదు.

వ్యాఖ్యాత: వెనిగర్ పోయమంటారు కదా?

డాక్టరు: అక్కడ జాగ్రత్త. ఆస్ట్రేలియా పెట్టె జెల్లీఫిష్‌కు వెనిగర్ పేలని సంచులను పేలకుండా చేస్తుంది, అది గట్టిగా నిరూపణ అయింది. కానీ కొన్ని జాతుల్లో అదే వెనిగర్ సంచుల్ని పేల్చిన సందర్భాలున్నాయి. కుట్టింది ఏదో తెలియనప్పుడు నేను ముందు వేడినీళ్లు అంటాను. సుమారు 45 డిగ్రీలు, 20 నిమిషాలు. ఆస్ట్రేలియాలో నీలిబుడ్డి, అదే బ్లూ బాటిల్, కుట్టినవాళ్ల మీద జరిగిన పరీక్షలో ఐసు కన్నా ఇదే నొప్పి బాగా తగ్గించింది. నిజానికి బ్లూ బాటిల్ అసలు జెల్లీఫిష్ కాదు, చుట్టమే, కానీ సంచులు అవే రకం. నీళ్లు కాలేంత వేడిగా ఉండకూడదు. ముందు కుట్టని చేత్తో చూసుకోవాలి, నొప్పి పడ్డ చేతికి వేడి సరిగా తెలియదు.

వ్యాఖ్యాత: ఏది చూసి ఆసుపత్రికి పరిగెత్తాలి?

డాక్టరు: ఊపిరి ఆడకపోవడం, ఛాతీ పట్టేయడం, వాంతులు, నడుం నొప్పి, కంటికి తగలడం. చారలు చేయంతా పరుచుకున్నా, చిన్నపిల్లలైనా ఆలస్యం చేయొద్దు. ఇందాక చెప్పిన వేడినీళ్లన్నీ దారిలో చేసుకునేవే.

వ్యాఖ్యాత: అన్నా, రేపు వల ఎలా బాగుచేస్తారు?

మత్స్యకారుడు: ముందు సముద్రంలోనే బాగా జాడించేసి తెస్తాను. ఆ తర్వాతా గ్లౌజులేసుకుంటాను. మా ఆవిడ ఎన్నాళ్లనుంచో అదే మొత్తుకుంటోంది, ఇప్పుడామెకి ఈ ఉచ్చు కథ ఎలా చెప్పాలో తెలీట్లేదు.