మొదటి నరాన్ని ఎవరూ అడగరు

అధ్యక్షులకు, మాస్టార్లకు, విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం వాసన, రుచి మెదడుకు చేరే దారులు. దానికంటే ముందు నా కడుపుమంట కాస్త చెప్పుకోనివ్వండి.

బైక్ మీద నుంచి వెల్లకిలా పడి తల వెనక దెబ్బ తగిలిన కుర్రాడొకడు మా ఓపీకి వచ్చాడు. అంతకుముందు చూపించుకున్నచోట డిశ్చార్జ్ కాగితం మీద "కపాల నరాలు నార్మల్" అని రాసిచ్చారు. "ఏం తిన్నా చప్పగా ఉంది సార్, నాలుక పనిచేయట్లేదు" అన్నాడు. కళ్లు మూయించి నాలుక మీద ఉప్పు, పంచదార, నిమ్మరసం ఒక్కొక్కటే వేశాం. అన్నీ చెప్పాడు. ముక్కు దగ్గర కాఫీ పొడి పెడితే మాత్రం "ఏం పెట్టారు?" అన్నాడు. నాలుక నిక్షేపంగా ఉంది. పోయింది వాసన. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నోట్లోంచి గొంతు వెనకగా ముక్కుకెక్కే వాసనే మరి.

ముక్కు పైకప్పులో ఒక పల్చటి ఎముక ఉంది, దాన్నిండా చిల్లులే. వాసన నరాల పోగులు ఆ చిల్లుల్లోంచే పైకెళ్తాయి. దెబ్బకి మెదడు కదిలితే అవి అక్కడే తెగుతాయి.

సరే, అంశానికి వస్తున్నా. ఆ పోగులు చేరేది వాసన గడ్డకి, అంటే ఆల్ఫాక్టరీ బల్బ్‌కి. అక్కడ మొదలైన కణాల తీగలు నేరుగా మెదడు పైపొరలో వాసన పట్టే భాగమైన పిరిఫార్మ్ కార్టెక్స్‌కీ, భావోద్వేగాలు చూసే అమిగ్డలాకీ, జ్ఞాపకాల హిప్పోకాంపస్‌కి గుమ్మం లాంటి ఎంటోరైనల్ కార్టెక్స్‌కీ వెళ్తాయి. ముక్కులోని కణానికీ అమిగ్డలాకీ మధ్య ఉన్నది ఒక్క బల్బ్ కణమే. రుచి అలా కాదు. నాలుక నుంచి 7, 9, 10వ నరాల్లో మెదడు అడుగునున్న మెడుల్లాకి, అక్కణ్నుంచి కబుర్లు వడపోసి పైకి పంపే థాలమస్‌కి, ఆ తర్వాతే రుచి పట్టే ఇన్సులాకి. అమిగ్డలా వంతు ప్రధానంగా ఆ తర్వాతే.

ఎందుకీ తేడా? వాసన కార్టెక్స్ పరిణామంలో చాలా పాతది, మూడే పొరలు. థాలమస్ నుంచి కబురందుకునే కార్టెక్స్ ఆరు పొరలది, తర్వాత పెరిగింది. పైగా థాలమస్ చేసే వడపోత ఇక్కడ చాలావరకు బల్బే చేసేస్తుంది. వాసన పట్టే గ్రాహకం ఒకే రకంగా ఉన్న కణాలన్నీ బల్బ్‌లో కొద్ది చోట్లకే వచ్చి కలుస్తాయి. ఆ గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. అలాగని వాసనకి థాలమస్‌తో పనే లేదనుకోకండి. పిరిఫార్మ్ దాటాక ఒక పాయ అటు కూడా పోతుంది. ముందుగా పోదు, అంతే తేడా.

వెనక వరసలో హౌస్ సర్జన్లు ఉన్నారా? బాబూ, మీకే చెబుతున్నా. 12 కపాల నరాల్లో మొదటిదైన వాసన నరం చూడకుండా "నార్మల్" అని రాయకండి. చూసేటప్పుడు తలనొప్పి బామ్ వాడొద్దు. ఆ కుర్రాడి వాళ్లమ్మ ఇంట్లో బామ్ పెట్టి చూసి "వాసన వస్తోంది కదా" అంది. ఆ ఘాటు 5వ నరానిది, వాసన పోయినవాడికీ ముక్కు చురుక్కుమంటుంది. కాఫీ పొడి పెట్టండి, ఒక్కో ముక్కుపుటం మూసి విడివిడిగా. పోయిందని తేలితే గ్యాస్ లీకైనా వాడికి తెలియదని ఇంట్లోవాళ్లకి చెప్పి పంపండి.