మూడు యుగాలు, ఒక పవర్‌బాల్ టికెట్

(డాలస్ దగ్గర తెలుగు పెద్దల ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ, భోజనాల వేళకి దింపేస్తామన్నారు కాబట్టి అందరికీ కలిపి ఒకే దండం. నన్ను వేదగణితం మీద మాట్లాడమన్నారు. నేను లాటరీ మీద మాట్లాడతాను. కారణం మూడో వరసలో కూర్చున్నారు. పేరు చెప్పను, కంగారు పడకండి.

ఆయనా నేనూ పొద్దున్నే పార్కులో నడుస్తాం. ప్రతి శనివారం ఆయన పెట్రోలు బంకు దగ్గర ఆగి రెండు డాలర్లిచ్చి పవర్‌బాల్ లాటరీ టికెట్ కొంటారు. నంబర్లు ఎప్పుడూ అవే, మనవళ్ల పుట్టినరోజులు. రెండు డాలర్ల గురించి నాకేం పేచీ లేదు. మా అల్లుడి కాఫీ అంతకన్నా ఎక్కువ. నా పేచీ ఆయన రోజూ అనే ఒక్క మాటతో: “వేస్తూ ఉంటే ఎప్పటికైనా తగలకపోతుందా మాస్టారూ?”

సరే, ఎప్పటికి? అసలు తగలడం సంగతి తర్వాత. తగలడానికీ తగలకపోవడానికీ సమానంగా అవకాశం రావాలంటే, అంటే బొమ్మా బొరుసా అన్నంత స్థితికి చేరాలంటే, ఎన్ని వారాలు వేయాలి?

ముందు చిన్న లెక్క చేద్దాం. ఒక పాచిక ఉంది, ఆరు ముఖాలు. ఆరు ఒక్కసారైనా పడడానికి సగం అవకాశం రావాలంటే ఎన్నిసార్లు వేయాలి? చెప్పండి, గట్టిగా. మూడా? మూడన్నవాళ్లు చేతులెత్తండి. సగం సభ ఎత్తింది. ఆరులో సగం మూడు అనుకున్నారు. అక్కడే పడ్డారు. ఇలాంటి లెక్క తిరగేసి చేయాలి. పడే అవకాశం కాదు, ఒక్కసారీ పడకుండా పోయే అవకాశం చూడాలి. ఒకసారి వేస్తే పడకపోవడం 5/6. మూడుసార్లు వేస్తే దాన్ని దానితోనే మూడుసార్లు గుణించాలి: 125/216, దాదాపు 58 శాతం. అంటే పడే అవకాశం 42 శాతమే. నాలుగోసారి కూడా వేస్తే పడకపోవడం 48కి దిగుతుంది. కాబట్టి జవాబు నాలుగు.

పెద్ద సంఖ్యలకి ఇంత గుణించక్కర్లేదు. “ఇన్నింటిలో ఒకటి” అన్నప్పుడు ఆ “ఇన్ని”ని 0.693తో హెచ్చవేస్తే చాలు. ఇది నా చిట్కా కాదు. 1710లో ఇంగ్లండులో ఒక లాటరీ జరిగింది. ప్రతి బహుమతికీ 39 ఖాళీ టికెట్లు. సగం అవకాశం కావాలంటే ఎన్ని టికెట్లు కొనాలి అని గణితవేత్త అబ్రహాం డి మువావ్ర్ లెక్కగట్టాడు. 39ని 0.7తో హెచ్చవేసి, 27, మహా అయితే 28 అన్నాడు. నలభైకి ఒకటి తగిలే లాటరీ! అలాంటిది దొరికితే నేనూ కొంటాను.

ఇప్పుడు మన పవర్‌బాల్. జాక్‌పాట్ తగలాలంటే 69 తెల్ల బంతుల్లో ఐదు, 26 ఎర్ర బంతుల్లో ఒకటి మన నంబర్లతో కలవాలి. ఐదు బంతులు ఏరే విధాలు 1,12,38,513. దాన్ని 26తో హెచ్చవేస్తే 29,22,01,338. ఇది ఎవరూ దాచిపెట్టింది కాదు, నిర్వాహకులే ప్రకటించే సంఖ్య. దాన్ని 0.693తో హెచ్చవేస్తే సుమారు 20 కోట్ల 25 లక్షలు. వారానికి ఒక టికెట్. కాబట్టి 20 కోట్ల 25 లక్షల వారాలు. సంవత్సరాల్లోకి మారిస్తే దాదాపు 38 లక్షల 82 వేల ఏళ్లు.

ఈ సంఖ్య వచ్చినప్పుడు నాకు ఎక్కడో విన్నట్టనిపించింది. పంచాంగం తీశాను. కృతయుగం 17,28,000 ఏళ్లు. త్రేత 12,96,000. ద్వాపరం 8,64,000. కూడండి: 38,88,000! అంటే మన మిత్రుడు కృతయుగం మొదటి వారంలో మొదటి టికెట్ కొని, రాముడి కాలంలోనూ మానకుండా, కురుక్షేత్రం దగ్గరపడేదాకా ఒక్క వారం తప్పకుండా కొనుక్కుంటూ వస్తే, అప్పటికి ఆయనకు ఉండేది బొమ్మా బొరుసా. నవ్వకండి. ఆ మూడు యుగాలకీ టికెట్ల ఖర్చు 40 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆయన యాభై ఏళ్లు వేశారే అనుకుందాం, 2,600 టికెట్లు. ఆ యాభై ఏళ్లలో ఒక్కసారైనా తగిలే అవకాశం లక్షా పన్నెండు వేలల్లో ఒకటి.

సంఖ్య పెద్దదని నేను భయపెట్టడం లేదు. అసలు నన్ను కుదురుగా కూర్చోబెట్టింది వేరే సంగతి. ఆ మిత్రుడు ఒకరోజు నడుస్తూ నడుస్తూ ఆగి, “మాస్టారూ, ఇన్నేళ్లు వేశాను. మానేసిన వారమే నా నంబర్లు వస్తే?” అన్నారు. ఆ మాటలో ఎంత దిగులుందో మీకు చెప్పలేను. ఆయన టికెట్ కొనేది ఆశతో కాదు, మానేయడానికి భయపడి! ఇన్నేళ్ల టికెట్లూ ఎక్కడో వరసలో నిలబడ్డాయనీ, తన వంతు దగ్గరపడుతోందనీ ఆయన నమ్మకం.

అయ్యా, వరస లేదు. బంతులకి మీరెవరో తెలియదు, పోయిన వారం ఏం పడ్డాయో కూడా తెలియదు. ఆ 20 కోట్ల వారాల లెక్క ఎప్పుడూ ఈ రోజు నుంచే మొదలవుతుంది. మూడు యుగాలు వేసి తగలనివాడికి కూడా, మర్నాటి నుంచి సగం అవకాశం కావాలంటే మళ్లీ మూడు యుగాలే. తగ్గింపు లేదు. పోనీ 29 కోట్ల వారాలూ పూర్తి చేస్తే ఖాయం కదా అంటారా? కాదు. అప్పటికీ నూటికి 37 మంది ఉత్త చేతులతోనే ఉంటారు. పాచిక ఆరుసార్లు వేస్తే ఆరు పడి తీరుతుందా? ఇంటికెళ్లి వేసి చూడండి.

“మరి ఎవరికో ఒకరికి తగులుతోంది కదా?” అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. తగులుతుందండీ. అదీ ఈ లెక్కలోనే ఉంది. జనం తోచిన నంబర్లతో ఒకే రాత్రికి 20 కోట్ల 25 లక్షల టికెట్లు కొన్నారనుకోండి, వాళ్లలో ఒక్కరికైనా తగిలే అవకాశం సగం. ఒక మనిషికి మూడు యుగాలు పట్టేది ఒక దేశం ఒక్క రాత్రిలో పూర్తి చేస్తుంది. 2016 జనవరి 13న కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెనెసీల్లో మూడు టికెట్లకి ఒకేసారి తగిలి, 158 కోట్ల 60 లక్షల డాలర్ల జాక్‌పాట్‌ని మూడు వాటాలు వేశారు. టీవీలో ఆ చెక్కులు చూపిస్తారు. తగలనివాళ్లని చూపించడానికి ఏ టీవీకీ అంత సమయం లేదు.

వాటాలంటే గుర్తొచ్చింది, మనవళ్ల పుట్టినరోజుల సంగతి. దానివల్ల అవకాశం పెరగదు, తరగదు. కానీ తేదీలన్నీ 31 లోపే కదా, అలా వేసేవాళ్లు చాలామంది. కర్మకాలి తగిలితే పంచుకోవాల్సినవాళ్లు ఎక్కువ కావచ్చు.

చీటీ వచ్చింది, టైమైందంటున్నారు. ఒక్క నిమిషం, మూడో వరసలో చెయ్యి లేచింది. చెప్పండి సార్... వారానికి మూడు డ్రాలున్నాయి కదా, సోమ, బుధ, శనివారాలు మూడూ వేస్తే ఎలా ఉంటుందంటున్నారు. మంచి ప్రశ్న. మూడో వంతు అవుతుంది. 12 లక్షల 94 వేల ఏళ్లు. ఒక్క త్రేతాయుగం సరిపోతుంది సార్, మొదలుపెట్టండి.