ఆర్‌ఏ బిల్లులో 18,245 రూపాయలు ఎక్కడ తగ్గాయి?

[తెర మీద: ఫోన్‌లో వంకరగా తీసిన బిల్లు ఫోటో]

నమస్కారం. పర్లాకిమిడిలో కాంట్రాక్టు పనులు చేసే మా బాబాయి మొన్న రాత్రి ఈ ఫోటో పంపి ఫోన్ చేశాడు. "నా లెక్కకి లక్షా అరవై ఏడు వేల పైన రావాలిరా. బిల్లులో లక్షా నలభై తొమ్మిది వేలే వేశారు. ఎక్కడ తేడా వచ్చిందో చూడు" అన్నాడు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. కమ్యూనిటీ హాలు పనికి ఇది రెండో ఆర్‌ఏ బిల్లు, అంటే రన్నింగ్ బిల్లు. పని నడుస్తుండగానే, మొదటి నుంచి అప్పటిదాకా చేసిన పని లెక్కగట్టి వేసే బిల్లు ఇది. జీఎస్టీని పక్కన పెట్టి చూద్దాం.

[ఇటుక కట్టుబడి వరుస దగ్గరగా]

ఇక్కడ పరిమాణం 46.35 అని రాశారో, 48.35 అని రాశారో ఫోటోలో తెలియట్లేదు. ఇలాంటి చోట ఊహించకండి. అదే వరుసలో రేటు 6,400, మొత్తం 2,96,640. మొత్తాన్ని రేటుతో భాగిస్తే 46.35 వచ్చింది. రేటు అగ్రిమెంటులో ఉన్నదే.

అయితే ఈ భాగాహారం బిల్లులో ఏం రాశారో చెబుతుంది. గోడ నిజంగా అంత ఉందా అన్నది సైటులో తీసిన కొలతలు రాసే పుస్తకం, ఎం-బుక్ పేజీలోనే తెలుస్తుంది. అందుకే ఆ పేజీ ఫోటో కూడా తెప్పించాను.

[ఎం-బుక్ పేజీ, ఒక గోడ]

12.40 × 0.23 × 3.00 = 8.556 ఘనపు మీటర్లు. ఈ గోడలో మీటరు వెడల్పు, 2.10 ఎత్తున్న తలుపు ఉంది. దానికి 0.483 తీసేస్తే 8.073. తీశారు. తియ్యకపోతే ఇవాళ లాభంలా కనిపిస్తుంది కానీ, తర్వాత చెకింగ్‌లో పట్టుకుంటే రికవరీ పెడతారు.

మిగతా గోడలూ ఇలాగే చూశాను. కొలతలు బాగానే ఉన్నాయి. కాంక్రీటు 93,600, ఇటుక కట్టుబడి 2,96,640, ప్లాస్టరింగ్ 50,400. కలిపితే 4,40,640. బిల్లులోనూ అంతే ఉంది.

[కోతల భాగం]

అసలు తేడా ఇక్కడుంది. సెక్యూరిటీ డిపాజిట్ 5 శాతం, టీడీఎస్ 1, లేబర్ సెస్ 1. మొత్తం 7 శాతం. కోత 30,845 వేశారు. అంటే మొదటి నుంచి చేసిన మొత్తం పని మీద, 4,40,640 మీద వేశారన్నమాట. ఆ తర్వాత పాత బిల్లు కింద 2,60,640 తీసేశారు. మిగిలింది 1,49,155.

కోత మొత్తం పని మీద వెయ్యడం తప్పు కాదు. కానీ అలా వేస్తే, పాత బిల్లులో కోతలు పోగా చేతికిచ్చిన 2,42,395 మాత్రమే తీసెయ్యాలి. వీళ్లు కోతలకు ముందున్న మొత్తాన్ని తీసేశారు. దాంతో పాత బిల్లు మీద ఒకసారి పట్టిన 7 శాతం మళ్లీ పడింది.

[రెండు లెక్కలు పక్కపక్కన]

ఒక దారి: 4,40,640 − 30,845 − 2,42,395 = 1,67,400.
రెండో దారి: 4,40,640 − 2,60,640 = 1,80,000. దీని మీద 7 శాతం 12,600. చేతికి 1,67,400.

ఏ దారిలో వెళ్లినా ఒకటే రావాలి. తేడా 18,245. పాత బిల్లు 2,60,640 మీద 7 శాతం కట్టి చూడండి, రూపాయల్లో సరిగ్గా అంతే వస్తుంది. పొరపాటు ఎక్కడుందో ఆ అంకెతోనే తేలిపోయింది.

ఈ రెండు లెక్కలూ ఒక కాగితం మీద రాసి, పాత బిల్లు కాపీ జతచేసి ఆఫీసులో చూపించమని బాబాయికి చెప్పాను.