మూడింట రెండొంతుల మెజారిటీ చాలదు: మౌలిక స్వరూపం అంటే ఏమిటి?

నమస్కారం. ఈ మధ్య ఒక మాట పదేపదే వింటున్నాను. "పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది ఉంటే రాజ్యాంగంలో ఏదైనా మార్చవచ్చు, కోర్టుకు ఏం పని?" అని. దానికి ఎదురు వాదన చేసేవారేమో "మౌలిక స్వరూపం ఉంది కాబట్టి రాజ్యాంగాన్ని ముట్టుకోకూడదు" అంటారు. రెండూ తప్పే. రాజ్యాంగానికి ఇప్పటికి నూరుకు పైగా సవరణలు జరిగాయి. కోర్టు ఈ కారణంతో కొట్టేసినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

నాకు నచ్చిన పోలిక జీపీఏ. ఇంటి యజమాని దూరంగా ఉంటూ, ఇల్లు చూసుకోమని ఒకరికి అధికార పత్రం రాసి ఇచ్చాడు అనుకుందాం. ఆ మనిషి గోడ పడగొట్టవచ్చు, గది పెంచవచ్చు, పైన అంతస్తు వేయవచ్చు. కానీ అదే పత్రం చూపించి ఇల్లు తన పేరున రాసుకోలేడు. ఇక్కడ యజమాని ప్రజలు, ఇల్లు చూసుకునే మనిషి పార్లమెంటు, పత్రం రాజ్యాంగాన్ని సవరించే అధికారమిచ్చే 368వ అధికరణ.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 7-6తో చెప్పింది ఇదే. ప్రాథమిక హక్కులతో సహా ఏ భాగాన్నైనా సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు. జస్టిస్ ఖన్నా పట్టుకున్నది 'సవరణ' అనే మాటనే. సవరించాక కూడా పాత రాజ్యాంగం ఆనవాలు మిగలాలి, లేకపోతే అది సవరణ కాదు, రద్దు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ ఈ సూత్రానికి అసలు పరీక్ష రెండేళ్ల తరవాత వచ్చింది.

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు రాయ్‌బరేలీ నుంచి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్నది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ నెలలోనే అత్యవసర పరిస్థితి వచ్చింది, ప్రతిపక్ష నేతలు జైళ్లలో ఉన్నారు. ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ 39వ సవరణను ఆమోదించాయి. ఆ వెంటనే రాష్ట్రాల శాసనసభలు సరేనన్నాయి, 10న రాష్ట్రపతి సంతకం పడింది. అప్పీలు 11న విచారణకు రావలసి ఉంది. ఈ తేదీలను ఒక వరసలో రాసుకుని చూడండి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ సవరణ తెచ్చిన 329ఏ అధికరణ 4వ ఖండం ఏం చెప్పింది? పాత ఎన్నికల చట్టాలు ప్రధాని ఎన్నికకు వర్తించవు, ఎన్నడూ వర్తించనట్టే లెక్క. హైకోర్టు తీర్పు చెల్లదు, ఎన్నిక చెల్లుతుంది. మన పోలికలో చెప్పాలంటే, ఇల్లు చూసుకోమన్న మనిషి మీద కోర్టులో దావా నడుస్తోంది. అతను జీపీఏ తీసి, 'ఈ దావా నేనే గెలిచాను' అని అందులో ఒక వాక్యం చేర్చాడు.

నవంబరు 7న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఖండాన్ని కొట్టేసింది. పార్లమెంటు ఏ చట్టాన్నీ వర్తింపజేయకుండా, సాక్ష్యం చూడకుండా తానే తీర్పు చెప్పిందన్నది ముఖ్యమైన తప్పు. స్వేచ్ఛగా జరిగే ఎన్నికలు మౌలిక స్వరూపంలో భాగమని ఖన్నా అన్నారు. ప్రధానిని చట్టానికి అతీతంగా నిలబెట్టడం సమానత్వాన్ని తుడిచేయడమే అన్నారు జస్టిస్ వై.వి. చంద్రచూడ్. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ అయిదుగురిలో నలుగురు 1973లో ఓడిపోయిన ఆరుగురిలోని వారే. ఆ సూత్రాన్ని ఒప్పుకోనివారు కూడా దానికి కట్టుబడే కేసు విన్నారు. ఈ సిద్ధాంతం నిలదొక్కుకున్నది ఆ రోజునే అని నా అభిప్రాయం.

అలాగని ఆమె పదవి పోలేదు. అంతకు ముందే ఎన్నికల చట్టాన్ని వెనకటి తేదీతో మార్చారు. అది మామూలు చట్టం కాబట్టి కోర్టు దాన్ని ఒప్పుకుంది, దాని ప్రకారం ఆమె ఎన్నిక నిలిచింది. అంటే గీత ఎక్కడుందో చూడండి: చట్టం మార్చడం పార్లమెంటు పని, ఒక్క కేసులో గెలుపోటములు ప్రకటించడం దాని పని కాదు.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. 1976లో 42వ సవరణ 368లోనే రెండు ఖండాలు చేర్చింది. ఏ సవరణనూ ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదు, సవరణాధికారానికి పరిమితే లేదు. జీపీఏలో 'నా అధికారానికి హద్దు లేదు' అని ఆ మనిషే రాసుకోవడం లాంటిది! 1980లో మినర్వా మిల్స్ కేసులో అవి పోయాయి. పరిమిత అధికారం పొందినవారు దానితోనే దాన్ని అపరిమితం చేసుకోలేరు అన్నది కోర్టు.

ఇక పేచీ ఎక్కడంటే, ఏది గోడ, ఏది యాజమాన్యం అన్న దగ్గర. జాబితా ఎక్కడా రాసిలేదు, కేసు కేసుకూ తేలాలి. 2015లో న్యాయమూర్తుల నియామక కమిషన్ కోసం తెచ్చిన 99వ సవరణను 4-1తో కొట్టేశారు. విభేదించిన జస్టిస్ చలమేశ్వర్ కూడా న్యాయవ్యవస్థ స్వతంత్రత మౌలికమే అన్నారు. నియామకాల్లో న్యాయమూర్తులదే పైచేయి కావడం ఒక్కటే దానికి దారి అన్నదాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు.