ఆహా, ఎంత నిలకడైన చెయ్యి! పొగడ్తతో ఆడే పరాచికం
(తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు వరసగా చెప్పారు, నేను మళ్లీ చెప్పి మీ భోజనాల వేళ దాటించను. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి. వాడుక భాష కోసం పోట్లాడిన మనిషి రోజున, వాడుకలో తప్ప ఇంకెక్కడా బతకని ఒక మాటతీరు గురించి మాట్లాడతాను. చేతిలో ఏదీ నిలవని స్నేహితుణ్ణి పట్టుకుని 'ఆహా, ఎంత నిలకడైన చెయ్యి!' అంటామే, ఆ తీరు.

అలంకారశాస్త్రంలో దీనికి వ్యాజస్తుతి అని పేరుంది. పైకి పొగడ్త, లోపల నింద. దీన్ని తిరగేస్తే పైకి నింద, లోపల పొగడ్త. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి తిడుతూ పొగిడింది ఈ రెండో రకం. పిల్లలు పరీక్షలో ఈ రెంటినీ కలిపేసి మార్కు పోగొట్టుకుంటారు, అది చిన్న విషయం. నాకు బాధ కలిగించేది వేరే. మనం పాఠాల్లో చూపే ఉదాహరణలన్నీ చేదువే. సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో వేరే సందర్భంలో ఇచ్చినా, ఈ తీరుకే సరిపోయే శ్లోకం చూడండి. 'ఎంతో ఉపకారం చేశావు, ఏమని చెప్పను! నీ మంచితనం బాగా వెల్లడైంది. మిత్రమా, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు' అని ఉంటుంది. అపకారం చేసినవాడితో అంటున్న మాట అది. కువలయానందమనే అలంకారగ్రంథంలో నాయిక 'సాధు దూతీ, సాధు' అంటుంది. ప్రియుడి దగ్గరికి పంపిన దూతి పంటిగాట్లతో, గోటిగాట్లతో తిరిగొచ్చింది మరి. రెండూ గొప్ప శ్లోకాలే, కానీ రెండింటిలోనూ తెగిపోయిన స్నేహం ఉంది. స్నేహం తెగకుండా, ఇంకాస్త గట్టిపడేలా చేసే వ్యాజస్తుతి మన ఇళ్లలో రోజూ వినిపిస్తుంది. దానికి పాఠంలో చోటు లేదు.

మన భాషలో దీనికి మెట్లున్నాయి. పరాచికం, వేళాకోళం, ఎగతాళి, ఎకసెక్కం, హేళన. వినే చెవి ఉన్నవాళ్లెవరూ వీటిని ఒక్కటే అనరు. పరాచికంలో ఎదుటివాడికీ వాటా ఉంటుంది. హేళనలో ఉండదు. మధ్యలోవి ఎటైనా ఒరగవచ్చు. నేను చెప్పేది మొదటి మెట్టు గురించే.

ఒక పెళ్లి పంక్తి తీసుకుందాం. అరిటాకులు పరిచారు. పెళ్లికూతురి అన్న ఉత్సాహంగా సాంబారు బకెట్టు అందుకున్నాడు. మూడో ఆకు దగ్గర గరిటె ఒలికింది. కొంత అన్నంలో పడింది, కొంత ఆకు అంచు మీద, మిగతాది ఆకు ముందు కూర్చున్న బావగారి తెల్ల పంచె మీద. ఆ బావగారు పంచె దులుపుకుని, పక్కవాళ్లకు వినపడేలా అన్నాడు: 'ఆహా! బావగారి చెయ్యి చూశారూ? తాసులో తూచినట్టు వడ్డించారు. అన్నానికి ఎంతో పంచెకూ అంతే. ఒక్క చుక్క పక్షపాతం లేదు!' వడ్డించేవాడు బకెట్టు దింపకుండానే 'ఏదో మీ అభిమానం బావా. ఆకు దగ్గరికి జరపండి, రెండో విడత కూడా వడ్డిస్తా' అన్నాడు. పంక్తి అంతా నవ్వింది.

ఈ నాలుగు మాటల్లో ఏమేం జరిగాయో విడదీసి చూద్దాం.

మొదటిది, మరక అందరికీ కనబడుతోంది. పొగడ్త అబద్ధమని తెలిపే సాక్ష్యం కళ్లముందు ఉండాలి. ఒలికింది ఎవరూ చూడకపోతే అదే మాట నిజం పొగడ్తగా చెల్లిపోతుంది, లేదా పక్కవాళ్లు 'ఏమైంది, ఏమైంది' అని అడుగుతారు. విడమరిచి చెప్పాల్సి వచ్చిందంటే అప్పుడది పరాచికం కాదు, నలుగురిలో తప్పు చాటడం.

రెండోది, పొగడ్త ఏ లోపం మీద పడిందో చూడండి. చెయ్యి తొణికింది కాబట్టి చేతి నిలకడనే పొగిడాడు. 'బావగారు ఎంత అందగాడో' అని ఉంటే దారి తప్పేది. వినేవాడు సాంబారు వదిలేసి తన రూపం గురించి ఆలోచించేవాడు. పొగడ్త ఒలికిన గరిటె దగ్గరే ఆగాలి. గరిటె నుంచి మనిషి మీదికి జరిగితే మెట్టు దిగిపోతుంది.

మూడోది, మోతాదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మెత్తగా ఉండాలని పొగడ్తను తగ్గిస్తారు. 'పర్లేదు, బాగానే వడ్డించావు' అంటారు. అది మెత్తగా ఉండదు, పుల్లగా ఉంటుంది. తప్పు జరిగిన చోట చిన్న పొగడ్త వస్తే వినేవాడికి రెండే దారులు: నమ్మడం, లేదా దెప్పుతున్నారని తీసుకోవడం. పెద్ద పొగడ్తను ఎవరూ నమ్మరు. తాసు, తూకం, పక్షపాతం లేకపోవడం, ఇవన్నీ సాంబారు గరిటెకు పట్టనంత పెద్దవి. ఆ పెద్దతనమే 'ఇది ఆట' అని చెబుతుంది. అందుకే నాజూకు లేనివాణ్ణి 'కొంచెం నాజూగ్గా నడువు' అంటే చివుక్కుమంటుంది, 'హంసలు నడక నేర్చుకోడానికి వస్తున్నాయి, తలుపు తీసి ఉంచండి' అంటే నవ్వొస్తుంది.

నాలుగోది మర్యాద. ఈ బావలిద్దరూ మామూలుగా 'ఏరా', 'ఒరే' అనుకునేవాళ్లే అనుకోండి. ఆ క్షణంలో 'బావగారి చెయ్యి', 'వడ్డించారు' అని బహువచనం వచ్చింది. తెలుగువాడి చేతిలో ఇంతకన్నా మంచి గుర్తు లేదు. చనువున్నచోట ఉన్నట్టుండి 'గారు', 'తమరు', 'విచ్చేశారా' వచ్చాయంటే వినేవాడి చెవి నిక్కబొడుచుకుంటుంది. ముందునుంచీ 'మీరు' అనుకునేవాళ్ల మధ్య ఈ గుర్తు పనిచేయదు. వాళ్లు పొగడ్తను ఇంకా పెద్దది చేయాలి, లేదా ఊరుకోవాలి.

ఇక్కడ చిన్న 'లే' గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 'బాగుంది' అంటే బాగుందని. 'బాగుందిలే' అంటే ఇక చాలు, నోరు మూయమని. వాక్యం చివర ఈ ఒక్క అక్షరం చేరగానే పొగడ్తకు తలుపు మూసుకుంటుంది, ఎదుటివాడు జవాబు చెప్పడానికి చోటుండదు. పరాచికంగా పొగిడేటప్పుడు 'లే' పలకకండి. 'ఎంత బాగా వడ్డించారండీ!' అని సాగదీసి వదిలేయండి.

తర్వాత సినిమా సంభాషణల గురించి చెప్పాలని రాసుకొచ్చాను. దాన్ని వదిలేస్తాను, ఎందుకంటే అరిగిపోయిన మాటల సంగతి అంతకన్నా అవసరం. నిర్వాకం అనే మాట చూడండి. నిర్వాహం నుంచి వచ్చింది, పని నడిపించడం అని అర్థం. ఘనకార్యం అంటే గొప్ప పని. వెలగబెట్టడం అంటే వెలిగేలా చేయడం. ఉద్ధరించడం అంటే పైకెత్తడం. ఒకప్పుడు ఎవరో ఎవర్నో వీటితో వెక్కిరింతగా పొగిడి ఉంటారు. ఆ పొగడ్త వాడివాడి అరిగిపోయి ఇప్పుడు నింద ఒక్కటే మిగిలింది. 'నీ నిర్వాకం చూశాను', 'ఏం వెలగబెట్టావు', 'పెద్ద చెప్పొచ్చావు' అన్న మాటల్లో పొగడ్త ఎవరికీ వినపడదు. అందుకే వీటితో మెత్తని పరాచికం చేయలేం. అది తిన్నగా తిట్టే. నిఘంటువులు తయారుచేసేవాళ్లు ఈ సభలో ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను: ఘనకార్యం దగ్గర 'గొప్ప పని' అని మాత్రమే రాసి వదిలేయకండి. ఇవాళ అది ఎక్కువగా వినిపించేది వెక్కిరింతలోనే అని కూడా రాయండి. తెలుగు నేర్చుకుంటున్న కోడలు అత్తగారు చేసిన పనిని నిఘంటువు నమ్మి 'మీది ఘనకార్యం అత్తయ్యా' అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో మీరే ఊహించండి.

మళ్లీ పంక్తి దగ్గరికి వద్దాం, ఎందుకంటే సగం పని వడ్డించినవాడే చేశాడు. 'ఏదో మీ అభిమానం' అనే జవాబు నిజమైన పొగడ్తకు ఇచ్చేది. దాన్ని అబద్ధపు పొగడ్తకు ఇచ్చి, తనకిచ్చిన బిరుదును తలకెత్తుకున్నాడు. పైగా రెండో విడత అని బెదిరించాడు. ఇప్పుడు భయపడాల్సింది పంచె కట్టుకున్నాయన. ఇలా మాట తిరిగి రాగలిగిన చోటే పరాచికం నడుస్తుంది.

బకెట్టు పట్టుకున్నది వంటవాళ్లు పెట్టుకున్న కూలి కుర్రాడైతే? మాట అదే, మరక అదే. కానీ 'ఏదో మీ అభిమానం బావా' అని అతను అనలేడు. తలవంచుకుని తుడుస్తాడు, అవతల మేస్త్రీ వైపు భయంగా చూస్తాడు. పంక్తి నవ్వినా అది హేళనే. తిరిగి అనలేనివాడి మీద ఈ ఆట ఆడకూడదు. బావా మరదళ్లకు, వదినా మరదళ్లకు, బావా బావమరుదులకు మన ఇళ్లు పరాచికానికి చనువిచ్చాయంటే, ఆ వరసల్లో మాటకు మాట అనొచ్చు కాబట్టే. పెళ్లిళ్లలో వియ్యాలవారి పాటలు కూడా ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి అందుకునేవే.

అలాగే ఆ అన్నగారి చెయ్యి జబ్బుతో వణుకుతోందనుకోండి. అప్పుడు నిలకడ అనే మాట నోట్లోనే ఆగిపోవాలి. ఒలకడం ఆ పూట జరిగిన పొరపాటు, రేపు ఉండదు. వణుకు రేపూ ఉంటుంది. సాంబారు కాలుతూ ఉంటే ముందు 'కాలిందా?' అని అడగాలి, పొగడ్త ఆ తర్వాతే. ఇంకో సంగతి, ఒక్కసారే అనాలి. పాయసం వేళ మళ్లీ 'తాసు బావగారొచ్చారు' అంటే సగం మందే నవ్వుతారు. మర్నాడు మూడోసారి అంటే అది పేరుగా అతుక్కుంటుంది. పేరు పెట్టడం పరాచికం కాదు.

మాట తప్పుగా తగిలిందని ఎలా తెలుస్తుంది? నవ్వు ఎక్కడ మొదలైందో చూడండి. ఆ మనిషి మీవైపు చూసి నవ్వితే సరిగ్గా తగిలింది. అందరి ముఖాలూ ఒక్కసారి చూసి, ఆ తర్వాత నవ్వితే, అది నొప్పి దాచుకునే నవ్వు. అప్పుడు ఇంకో పొగడ్తతో సర్దబోకండి, ఇంకా లోతుగా దిగుతుంది. గొంతు మామూలు చేసి, మర్యాద దించి, 'ఊరికే అన్నాన్రా, ఆ బకెట్టు ఇటివ్వు, ఈ వరస నేను వేస్తా' అనండి. బహువచనం మళ్లీ ఏకవచనం కాగానే ఆట అయిపోయిందని అతనికి తెలుస్తుంది.

ఫోనులో రాసేటప్పుడు ఇవేవీ ఉండవు. సాగదీత లేదు, ముఖం లేదు, మరక లేదు. కుటుంబం గ్రూపులో శ్రుతి తప్పి పాడిన మేనల్లుడి పాటకు మామయ్య 'ఆహా, గంధర్వగానం!' అని రాస్తాడు. కింద పిన్ని నిజంగానే 'అవును నాన్నా, దేవుడిచ్చిన గొంతు' అని రాస్తుంది. ఇక మామయ్య తన మాటను వెనక్కి తీసుకోలేడు, కుర్రాడు రేపు ఇంకో పాట పెడతాడు. అందుకే అక్కడ పొగడ్తతో పాటు మరకను కూడా రాయాలి: 'ఆహా, గంధర్వగానం! రెండో చరణంలో మా వీధి కుక్కలు కూడా పల్లవి అందుకున్నాయి.' అప్పుడు పిన్నికీ అర్థమవుతుంది, కుర్రాడికీ నవ్వొస్తుంది.

తెలుగు ఉపాధ్యాయులను ఒక్కటే అడుగుతాను. వ్యాజస్తుతి పాఠం రోజున శ్లోకం చెప్పండి, తప్పకుండా చెప్పండి. తర్వాత పది నిమిషాలు ఇద్దరేసి పిల్లల్ని నిలబెట్టి 'ఎంత నిలకడైన చెయ్యి' అన్న వాక్యాన్ని మూడు రకాలుగా అనిపించండి: నిజంగా మెచ్చుకుంటున్నట్టు, పరాచికంగా, దెప్పుతున్నట్టు. వినే పిల్లవాడు ఏది ఏదో గుర్తుపట్టి, రెండోదానికి మాత్రం జవాబివ్వాలి. ఇప్పుడే చూద్దాం. వెనక వరసలో ఇందాకటి నుంచీ ఒకరినొకరు పొడుచుకుంటున్న ఆ ఇద్దరు అమ్మాయిలకు మైకు ఇవ్వండి. నీళ్ల సీసా ఒలకబోసింది మీలో ఎవరమ్మా?