450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంటే 450 వాట్లూ కాలుతున్నట్టేనా?

(స్క్రీన్ మీద: ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ దగ్గరగా)

ఎస్‌ఎంపీఎస్ అంటే డెస్క్‌టాప్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా. దాని మీద కామెంట్లలో ఒకే లెక్క మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. "అన్నా, మా ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు. రోజుకు 10 గంటలు, నెలకు 300 గంటలు. అంటే 135 యూనిట్లు. డెస్క్‌టాప్ అమ్మేసి లాప్‌టాప్ కొనమంటారా?" గుణకారం బాగానే ఉంది. ఆ 450 దగ్గరే వచ్చింది తంటా.

పల్లెవెలుగు బస్సులో 50 సీట్లు ఉన్నాయనుకోండి. మిట్టమధ్యాహ్నం 50 మందీ ఉంటారా? పది, పన్నెండు మంది ఉంటే గొప్ప. స్టిక్కర్ మీద 450 అంటే సీట్లు. ఎక్కేవాళ్లు ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు డెస్క్‌టాప్‌లో బ్రౌజర్, ఎక్సెల్, జూమ్ కాల్స్ నడిపితే ఇవన్నీ కలిపి 40 నుంచి 60 వాట్లు. మానిటర్ అసలు ఈ బస్సు ఎక్కదు, దాని ప్లగ్ దానిదే. 22 అంగుళాల ఎల్‌ఈడీ అయితే ఇంకో 20 వాట్లు. మొత్తం 80 అనుకుందాం.

లాప్‌టాప్ అడాప్టర్ మీద 65 అని ఉంటుంది. అవీ సీట్లే. బ్యాటరీ నిండాక అదే పని చేస్తుంటే 15 నుంచి 25 వాట్లు.

(స్క్రీన్ మీద)

```
80 × 300 ÷ 1000 = 24 యూనిట్లు
25 × 300 ÷ 1000 = 7.5 యూనిట్లు
```

"ఈ 80 ఎక్కడిది, నోటికొచ్చింది చెప్తున్నావా" అంటారు కదా. మీ ఇంటి మీటరే చెబుతుంది. డిజిటల్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది. పక్కన 3200 imp/kWh అని ఉంటే, 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ అని అర్థం. మీ మీటర్ మీద వేరే అంకె ఉండొచ్చు, చూసుకోండి.

ఫ్రిజ్, గీజర్, ఫ్యాన్లు అన్నీ ఆపండి. ముందు కంప్యూటర్ కూడా ఆపి పది నిమిషాలు లెక్కపెట్టండి. రౌటర్, ఇన్వర్టర్ ఛార్జింగ్ లాంటివి అందులో దొరుకుతాయి. తర్వాత కంప్యూటర్ ఆన్ చేసి, రోజూ చేసే పనే చేస్తూ మళ్లీ పది నిమిషాలు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. మిగిలింది 43 అనుకోండి. గంటకు 258. దాన్ని 3200తో భాగించి వెయ్యితో గుణిస్తే 81 వాట్లు. లాప్‌టాప్‌కి 13 వస్తే 24 వాట్లు. ఒకటి గుర్తుంచుకోండి, లాప్‌టాప్ బ్యాటరీ సగంలో ఉండగా కొలిస్తే ఛార్జింగ్ కూడా కలిసిపోయి 50, 60 చూపిస్తుంది. బ్యాటరీ నిండాకే కొలవాలి.

ఇప్పుడు డబ్బులు. తేడా 16.5 యూనిట్లు. తెలంగాణలో 100 దాటి 200 లోపు వాడే ఇంట్లో పై యూనిట్‌కు 4.80 రూపాయలు, అంటే నెలకు దాదాపు 80 రూపాయలు. ఈ 80 కోసం లాప్‌టాప్ కొనడం నా దృష్టిలో దండగ. దానికైన ఖర్చు తిరిగొచ్చేలోపు బ్యాటరీయే పోతుంది.

కానీ ఒక ఇంటికి మాత్రం లెక్క వేరు. మిగతా వాడకం 180 యూనిట్లు ఉందనుకోండి. లాప్‌టాప్‌తో 187.5, కరెంటు ఛార్జీ 760. డెస్క్‌టాప్‌తో 204. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచీ రేటు 5.10 అవుతుంది, పై నాలుగింటికి 7.70. మొత్తం 1,051. తేడా 80 కాస్తా 290 అయింది. ఇక గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే ఆ నాలుగు యూనిట్ల వల్ల మొత్తం బిల్లు కట్టాల్సిందే. అందుకే సగటు కాదు, మీ ఇల్లు 200కి ఎంత దగ్గర్లో ఉందో చూడండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. గేమింగ్ అంటే సంక్రాంతి రద్దీ, బస్సు నిజంగానే నిండుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో 300 వాట్లు లాగుతుంటే రోజుకు మూడు గంటలకే నెలకు 27 యూనిట్లు. లాప్‌టాప్‌కి బయటి మానిటర్ పెడితే ఆ 20 వాట్లు దానికీ కలపండి. రాత్రి స్లీప్‌లో వదిలేస్తే రెండు మూడు వాట్లు, నెలంతా కలిపినా యూనిట్ అటూ ఇటూ. దాని కోసం ఇంట్లో గొడవలు వద్దు. యూపీఎస్ ఉన్నవాళ్లు మాత్రం ఒక రాత్రి కంప్యూటర్ ఆపి, యూపీఎస్ ఒక్కటే ఆన్‌లో ఉంచి ఇదే పద్ధతిలో కొలవండి. ఎంత వచ్చిందో మీటర్ మీది imp/kWh అంకెతో పాటు కామెంట్‌లో పెట్టండి.